ఆరో బొట్టు

మా కాలేజీలో ఆర్కిటెక్చర్ పాసైన ప్రతివాళ్ళకీ ఇద్దరు గురువులు. ఒకరు జీతం తీసుకుని పాఠం చెప్పిన మేష్టారు. రెండోవాడు, నిజంగా పాస్ చేయించినవాడు, నోట్సు బాబాయ్. మొదటివాళ్ళ పేర్లు మర్చిపోయినవాళ్ళున్నారు గాని, బాబాయిని మర్చిపోయినవాణ్ణి నేనింకా చూడలేదు. నేనూ ఆయన చేతిమీదుగా పాసైనదాన్నే. ఇప్పుడు అదే కాలేజీలో చరిత్ర పేపరు నేనే చెబుతున్నాను. ఈ కథలో నేను మంచిదాన్ని కాదని ముందే చెప్పేస్తే, చదివేవాళ్ళకీ నాకూ శ్రమ తగ్గుతుంది.

బాబాయ్ కాలేజీ ఎదురు వీధిలో, ఒక పెద్దాయన నడిపే ఆర్కిటెక్టు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. మేడమీద గది, ఉత్తరం వైపు రెండు కిటికీలు, వాటికింద ఏటవాలు బల్ల. కంప్యూటర్లు వచ్చి అందరి బల్లలూ చదునైపోయాక కూడా ఆయన బల్ల మాత్రం అలాగే ఉండేది. పెద్దాయన ఆలోచన చెప్పేవాడు, బాబాయ్ గీసేవాడు, పెద్దాయన సంతకం పెట్టేవాడు. ఇరవై నాలుగేళ్ళు ఇలాగే గడిచింది. సంతకం పెట్టే అర్హత బాబాయికి లేదు, ఎందుకంటే ఆయన డిగ్రీ ఒక్క పేపరు దగ్గర ఆగిపోయింది. ఆ పేపరు పేరు ఆర్కిటెక్చర్ చరిత్ర.

ఆయన చదువుకునే రోజుల్లో పరీక్షలో ఎంటాబ్లేచర్ గురించి లఘుటీక రాయమన్నారట. లఘుటీక అంటే నాలుగు మార్కుల ముక్క. ఎనిమిదింటిలో అయిదు రాయాలి, ఒక్కోదానికి ఏడు నిమిషాలు, నిర్వచనం నాలుగు లైన్లు, పక్కన చిన్న బొమ్మ. బాబాయ్ ఆ చిన్న బొమ్మ మీద నలభై నిమిషాలు కూర్చున్నాడు. స్తంభాల మీద పడుకున్న ఆ బరువైన పట్టీని, కింద ఆర్కిట్రేవ్, మధ్యన ఫ్రీజ్, పైన కార్నిస్ అని మూడు అంతస్తులుగా, నీడలతో సహా దించాడు. గంట కొట్టేసరికి మిగతా ప్రశ్నల్లో సగం తెల్లమొహం వేసుకుని ఉన్నాయి. రెండోసారి అదే పని కార్బెల్ దగ్గర చేశాడు. మూడోసారికి పెళ్ళయింది, ఉద్యోగం వచ్చింది, పరీక్ష ఫీజు గడువు దాటిపోయింది. ఆ తర్వాత వదిలేశాడు.

తనకి చేతకానిది ఇంకొకరికి నేర్పడంలో మాత్రం ఆయన్ని మించినవాడు లేడు. ఎక్కడ పడ్డాడో ఆయనకి అణువణువూ తెలుసు కదా. అందుకే ఒక లాంగ్‌బుక్కులో, నూట పదహారు పదాలకి, ఏడు నిమిషాల్లో తేలిపోయే జవాబులు రాసి పెట్టాడు. కాలేజీ పిల్లలు సాయంత్రాలు మేడెక్కి వచ్చేవాళ్ళు. మా బ్యాచ్‌లో మేం ఆరుగురం వెళ్ళేవాళ్ళం.

"రెండు నిమిషాలు నిర్వచనం, మూడు నిమిషాలు బొమ్మ, ఒక నిమిషం పేర్లు. మిగిలిన నిమిషం పెన్ను కిందపెట్టి చూసుకోండి," అనేవాడు. "కార్బెల్ అంటే ఏంటమ్మాయ్?"

"గోడలోంచి బయటికొచ్చి పైబరువు మోసే రాయి బాబాయ్."

"బావుంది. మరి నువ్వు గీసిందేంటి? గోడకి బంకపెట్టి అంటించినట్టుంది. అలా అంటిస్తే బరువు మోస్తుందా, ఊడి మన నెత్తిన పడుతుందా? గోడని కోసి చూపించు. రాయి తోక లోపలికెంత దిగిందో, దానిమీద గోడ ఎలా కూర్చుందో కనబడాలి. మార్కు ఆ తోకలోనే ఉంది."

క్లియర్‌స్టోరీ కూడా అంతే. మేమంతా ఎదురుగా నిలబడి చూసినట్టు కిటికీల వరస గీసేవాళ్ళం. ఆయన చెరిపేసి, భవనాన్ని అడ్డంగా కోసిన బొమ్మ గీయించేవాడు. మధ్యన ఎత్తైన హాలు, రెండు పక్కలా పొట్టి కప్పులు, ఆ పొట్టి కప్పులు దాటి పైకి లేచిన గోడలో కిటికీలు, అక్కణ్ణించి నేలమీదికి దిగే ఒక బాణం గుర్తు. "ఆ బాణం లేకపోతే అది క్లియర్‌స్టోరీ కాదు, ఉత్త వెంటిలేటరు," అనేవాడు.

ప్రతి బొమ్మ పక్కనా గొడుగు పట్టుకున్న ఒక ఆడమనిషి ఉండేది. ఎత్తు తెలియడానికి మనిషి బొమ్మ వేయడం మా వృత్తిలో మామూలే. కాని ఆవిడ ఎవరో మాకు తెలుసు. ఇంట్లో కుట్టుమిషను మీద బట్టలు కుట్టే మా పిన్ని, అంటే బాబాయ్ భార్య. ఎండైనా వానైనా గొడుగు లేకుండా గడప దాటేది కాదు. "బొమ్మలోనైనా నన్ను కూర్చోబెట్టి గీయండి, కాళ్ళు పీకుతున్నాయి," అని ఆవిడ వేళాకోళం. మేం పరీక్షల్లో నిర్వచనంతోపాటు పిన్నినీ గొడుగునీ కూడా దించేసేవాళ్ళం. అవి లేకపోతే మార్కు తగ్గుతుందేమోనని భయం.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. ఎంటాబ్లేచర్‌లో, డోరిక్ అనే పాత గ్రీకు పద్ధతిలో అయితే, ఫ్రీజ్ మీద మూడు గీతల పలకలుంటాయి. ఒక్కో పలక కింద, ఆర్కిట్రేవ్ పై అంచున, వేలాడే నీటిబొట్లలాంటి చిన్న మేకులుంటాయి. పలకకి ఆరు. బాబాయ్ లాంగ్‌బుక్కులో ఆ బొమ్మ సరిగ్గా కుట్టు దగ్గర పడింది. జిరాక్సు తీసినప్పుడు పుస్తకం మడతలో ఒక బొట్టు మునిగిపోయింది. ఆ జిరాక్సుకి జిరాక్సు, దానికింకో జిరాక్సు. అలా మా అందరికీ ఎంటాబ్లేచర్‌కి బొట్లు అయిదే. నేనూ అయిదే గీసి పాసయ్యాను. ఆరని నాకు తెలిసింది పాఠం చెప్పడం మొదలెట్టాకే. బాబాయికి మాత్రం ఆ మడతతో పని లేదు. ఆయన తలలోంచి గీస్తాడు కాబట్టి ఎప్పుడు గీసినా ఆరే.

పోయిన ఏడు రెండు సంగతులు వెంటవెంటనే జరిగాయి. పెద్దాయనకి చూపు మందగించి, ఏడాది చివర ఆఫీసు మూసేస్తానన్నాడు. "నీకు ఆ డిగ్రీ ఉంటే బోర్డు మీద నీ పేరు రాయించి తాళాలు నీ చేతిలో పెట్టేవాణ్ణి," అన్నాడట. అదే నెలలో యూనివర్సిటీ ఒక ప్రకటన వేసింది. పాత సిలబస్‌లో పేపర్లు మిగిలిపోయినవాళ్ళు ఎన్నేళ్ళయినా సరే ఈ ఒక్కసారి రాసుకోవచ్చు, ఆ తర్వాత ఆ సిలబస్‌కి పరీక్షే ఉండదు.

బాబాయ్ ఆ ప్రకటన కత్తిరించి నా దగ్గరికి తెచ్చాడు. అప్పటికి ఆయనకి నలభై తొమ్మిదేళ్ళు.

"అమ్మాయ్, ఈసారి నువ్వు నాకు టెస్టు పెట్టాలి. కనికరం చూపించకు."

ఆరు వారాలు, రోజూ సాయంత్రం, పిన్ని మిషను పక్కన కూర్చుని పెట్టాను. నేను పదం చెప్పేదాన్ని, పిన్ని అంచు కుడుతూ గోడగడియారం చూసేది. "ఏడు నిమిషాలూ అయ్యాయి. చెయ్యెత్తండి," అనేది. మొదట్లో ఆయన చెయ్యెత్తేవాడు కాదు. నీడలు వేస్తూనే ఉండేవాడు. పిన్ని లేచి వచ్చి చేతిలో పెన్ను లాక్కునేది. "కట్టుకున్నదాన్ని నిలబెట్టి పాతికేళ్ళయింది, ఇంకా కార్నిస్‌కే నీడలా?" అని దెప్పేది. నాలుగో వారానికి ఆయన చెయ్యి మాట విన్నది. అయిదు ముక్కలు ముప్పై మూడు నిమిషాల్లో ముగించిన రోజు ఆయన కాగితాలు వరసగా సర్ది, కిటికీ దగ్గరికి వెళ్ళి కాసేపు అటు తిరిగి నిలబడ్డాడు. పిన్ని నావైపు చూసి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

పరీక్ష బాగా రాశానన్నాడు. ఎంటాబ్లేచర్, కార్బెల్, క్లియర్‌స్టోరీ, మూడూ వచ్చాయట. అదే హాల్లో ఆయన వెనకా ముందూ కూర్చున్నవాళ్ళంతా అదే పేపరు మిగిలిపోయిన కుర్రకారు. ఆయన జిరాక్సులు నమ్ముకుని వచ్చినవాళ్ళే.

మూల్యాంకనానికి నన్నూ పిలిచారు. మొదటిసారి. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, నెలలో ఆ కాగితం రావాల్సి ఉంది. పెద్ద హాలు, పొడుగు బల్లలు, బల్లకి నలుగురం. జవాబు పుస్తకాల మీద పేర్లుండవు, కోడ్ నంబర్లే. తెలిసినవాళ్ళ పేపరు గుర్తుపడితే చెప్పి పక్కకి జరగాలన్నది నియమం. పొద్దున్న సంతకం పెట్టేటప్పుడు బాబాయ్ గుర్తొచ్చాడు. ఆయన నాకేమన్నా చుట్టమా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మూడో పుస్తకంలో పిన్ని కనబడింది, గొడుగుతో. నవ్వొచ్చింది. అయిదో పుస్తకంలో మళ్ళీ పిన్ని. ఏడులో, తొమ్మిదిలో కూడా. అన్నిటిలోనూ బొట్లు అయిదే. అప్పుడు నాకు బుద్ధి గడ్డి తింది. పక్క బల్లల దగ్గరున్నవాళ్ళంతా పండిన సీనియర్లు. వాళ్ళ ముందు నా కన్ను ఎంత చురుకో చూపించుకోవాలనిపించింది. ఆ పుస్తకాలు పట్టుకుని చీఫ్ ఎగ్జామినర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన రిటైర్మెంటుకి దగ్గర పడిన ప్రొఫెసరు. తప్పు పడితే వదిలే రకం కాదు.

"చూడండి సార్, డోరిక్‌కి ఆరు బొట్లుండాలి. వీళ్ళందరికీ అయిదే," అన్నాను.

ఆయన కళ్ళజోడు సర్దుకుని నాలుగు పుస్తకాలూ పక్కపక్కన పెట్టాడు. బొట్లు లెక్కపెట్టాడు. తర్వాత గొడుగు మనిషి మీద వేలు పెట్టాడు.

"ఈవిడెవరు? అందరి బొమ్మల్లోనూ ఎలా ఉంది?"

అరనిమిషం సరదా అక్కడితో అయిపోయింది. ఆయన మిగతా బల్లల దగ్గరికి కబురు పెట్టాడు. గొడుగు మనిషి ఉన్న పుస్తకం ఎక్కడున్నా తెచ్చి ఇవ్వాలి. ఒకే హాలు, ఒకే బొమ్మ, ఒకే తప్పు. మూకుమ్మడి కాపీ అని తేల్చేశాడు. మధ్యాహ్నానికి ముప్పై ఎనిమిది పుస్తకాలు పోగయ్యాయి. చూసింది నేనే కాబట్టి కట్ట కట్టే పని కూడా నాకే అప్పగించాడు.

కడుతుంటే ఒక పుస్తకం జారి తెరుచుకుంది. అక్షరాలు చూడగానే ఎవరివో తెలిసిపోయింది. డ్రాఫ్ట్స్‌మన్ అక్షరాలు, గీత గీసి పేర్చినట్టు ఒకే ఎత్తున. కార్బెల్ తోక గోడలోకి దిగి ఉంది. క్లియర్‌స్టోరీలో బాణం నేలని తాకింది. ఎంటాబ్లేచర్ కింద బొట్లు లెక్కపెట్టాను. ఆరు. మళ్ళీ లెక్కపెట్టాను, ఆరే. అట్టమీద ఇంకో బల్ల వాళ్ళు అప్పటికే వేసిన మార్కులు ఎర్రసిరాతో ఉన్నాయి. అరవై ఏడు. ఆయన పాసయ్యాడు.

"సార్," అన్నాను. "దీనిలో ఆరున్నాయి. దీన్ని తీసెయ్యాలేమో."

"గొడుగు ఉందా?"

"ఉంది గాని..."

"అయితే వాడు కాపీ కొట్టేటప్పుడు తప్పు దిద్దుకున్నాడు. తెలివైనవాడు, అంతే." తలెత్తి నా వైపు చూశాడు. "ఏమ్మా, ఈ బొమ్మ మీకు ముందే తెలుసా?"

ఒక్క మాట చాలు. ఇది అసలు, మిగతావన్నీ నకళ్ళు, నేనూ ఒక నకలునే అంటే సరిపోయేది. కాని ఆ మాట అంటే, గుర్తుపట్టి కూడా పొద్దుట్నించీ చెప్పలేదేమంటాడు. చరిత్ర చెప్పే మేడం జిరాక్సు చదివి పాసైందని ఆ హాలంతా నవ్వుకుంటుంది. పర్మనెంటు కాగితం ఎక్కడో బల్లమీద ఆగిపోతుంది. ఇవన్నీ ఒక్క క్షణంలో లెక్కకి వచ్చాయి. లెక్క నాకు బాగా వచ్చు మరి.

"తెలియదు సార్," అన్నాను.

ఆ పుస్తకాన్ని కట్టలో పెట్టి తాడు బిగించాను.

తర్వాత విచారణ కమిటీ అన్నారు. నంబర్లన్నీ నోటీసు బోర్డులో అంటించారు, అందరికీ ఉత్తరాలు పంపామన్నారు. ఆ తేదీకి వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలి. నేను రోజూ బస్సులో బాబాయ్ ఆఫీసు కిందనుంచే వెళ్తాను. దిగి మేడెక్కితే ఇరవై మెట్లు. ఉత్తరం వచ్చే ఉంటుందిలే, లాంగ్‌బుక్కు పట్టుకెళ్ళి చూపిస్తాడు, కళ్ళుంటే వాళ్ళకే తెలుస్తుంది అనుకున్నాను. వెళ్తే, ఈ సంగతి నీకెలా తెలుసని అడుగుతాడు. అందుకని దిగలేదు. పన్నెండు రోజులు దిగలేదు.

ఉత్తరం ఆయన ఎన్‌రోల్‌మెంటులో ఉన్న చిరునామాకి వెళ్ళింది. అది ఆయన చదువుకునేటప్పటి హాస్టలు. దాన్ని కూల్చి పదేళ్ళయింది. ముప్పై ఏడుగురు వచ్చి, ఏవో నోట్సు బట్టీ పట్టామని ఏడ్చి మొత్తుకుంటే, వాళ్ళకి ఆ ఒక్క పేపరు రద్దుచేసి వచ్చే సెమిస్టరులో కొత్త సిలబస్‌తో రాసుకోమన్నారు. రానివాడు ఒప్పుకున్నట్టే అని ముప్పై ఎనిమిదో నంబరుకి నేరం ఖాయం చేసి, కొత్త సిలబస్‌తో రాసుకునే అవకాశం కూడా లేకుండా చేశారు. పాత సిలబస్‌కి మళ్ళీ పరీక్ష లేదు.

ఫలితాలు వచ్చిన రోజు బాబాయ్ నా గదికి వచ్చాడు. ఉతికిన చొక్కా, జేబులో రెండు పెన్నులు.

"అమ్మాయ్, నా నంబరు పక్కన మార్కులు లేవు. ఏవో రెండక్షరాలున్నాయి. అంటే ఏంటి?"

చెప్పాను. కుర్చీలో కూర్చోమన్నాను, కూర్చోలేదు. మీరూ, హాల్లో ఉన్న ముప్పై ఏడుగురు పిల్లలూ కాపీ కొట్టారని రాశారు బాబాయ్ అన్నాను. ఆయనకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. కోపం వస్తుందేమో, నాలుగు తిడితే బాగుండనుకున్నాను. ఆయన ముఖంలో నిజంగా తెలుసుకోవాలన్న ఆత్రమే కనబడింది.

"ఎవర్ని చూసి రాశానంటారమ్మా?" అన్నాడు.

నేను బల్లమీది హాజరుపట్టీ తెరిచి మూశాను. "మరి ఆ పిల్లలకి మళ్ళీ రాసుకోనిస్తారా?" అని అడిగాడు. ఇస్తారన్నాను. "పోన్లే," అన్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "మీ పిన్నికి నువ్వు చెప్పవూ? నావల్ల కాదు," అన్నాడు.

పిన్నికి నేనే చెప్పాను. ఆవిడ మిషను ఆపలేదు. ఒక చొక్కా చెయ్యి పూర్తిగా కుట్టేదాకా తల ఎత్తలేదు. తర్వాత దారం తెంపి, "నేను పెన్ను లాక్కోకుండా ఉండాల్సింది," అంది. "ఆయన్ని ఆయన పద్ధతిలో గీసుకోనిస్తే ఫెయిలయ్యేవారు. దొంగ అనేవాళ్ళు కాదు."

నేను అప్పుడు చెప్పేస్తే బాగుండేది. కనీసం ఆవిడ తన్ను తాను తిట్టుకోవడం మానేది. అంత ధైర్యం కూడా నాకు లేకపోయింది. నెలాఖరుకి నా పర్మనెంటు కాగితం వచ్చింది. తెచ్చి బీరువాలో పడేశాను, ఎవరికీ చూపించలేదు.

ఏడాది చివర పెద్దాయన ఆఫీసు మూసేశాడు. ఒక పని మాత్రం మధ్యలో మిగిలింది. పిల్లల గ్రంథాలయం, చిన్నదే. పెద్దాయన చూపు పోయాక ఆలోచన దగ్గర్నించి గీత దాకా మొత్తం బాబాయిదే. అనుమతి కోసం రిజిస్టరైన ఆర్కిటెక్టు సంతకం కావాలి. బాబాయ్ ఆ షీట్లు చుట్టి చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"సంతకం నువ్వు పెట్టమ్మా. వేరేవాళ్ళయితే చూడకుండా పెట్టేస్తారు. నువ్వు చూసి పెడతావు."

చూశాను. మధ్యన ఎత్తైన చదువుకునే హాలు, రెండు పక్కలా పొట్టి కప్పుల కింద పుస్తకాల అరలు, పైన వరసగా కిటికీలు. పుస్తకాల మీద ఎండ పడకుండా, బల్లల మీద వెలుగు పడేలా కొలిచి పెట్టాడు. ఎక్కడా వేలు పెట్టడానికి సందు లేదు. కింద గళ్ళలో, గీసినది అన్నచోట ఆయన పొడి అక్షరాలు. ఆర్కిటెక్టు అన్నచోట ఖాళీ.

"బాబాయ్, నేను మీకొక మాట చెప్పాలి," అన్నాను.

"ఇంకా ఏమన్నా తప్పుందా?" అని ఆదుర్దాగా షీటు మీదికి వంగాడు.

"లేదు," అన్నాను. పెన్ను తీసి సంతకం పెట్టాను. ఆయన సిరా ఆరేదాకా ఊది, జాగ్రత్తగా చుట్టుకుని, నా తలమీద చెయ్యి పెట్టి వెళ్ళిపోయాడు.

మొన్న ఆ గ్రంథాలయం తెరిచారు. గుమ్మం పక్కన రాతిపలక మీద ఆర్కిటెక్టుగా నా పేరు చెక్కించారు, వద్దన్నా వినలేదు. బాబాయ్, పిన్ని కూడా వచ్చారు. అందరూ లోపలికి వెళ్ళాక ఆయన ఒక్కడే పలక ముందు నిలబడి చాలాసేపు చూశాడు. నేను పక్కకి వెళ్ళి నిలబడ్డాను. అక్షరాల మధ్య ఎడం చక్కగా కుదిరిందమ్మా అన్నాడు.